నామినీ చేతికి డబ్బు, వారసులకు హక్కు



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మన సీనియర్ గారు పెద్ద పెద్ద కేసులు వాదించి పేరు తెచ్చుకున్న లాయరు కారు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు, చిన్న దుకాణదారులు, రెండెకరాల రైతులు. ఒక ఇల్లు, కొంత బ్యాంకు డబ్బు, ఒకటి రెండు బీమా పాలసీలు, కొంచెం బంగారం వాళ్ల ఆస్తి. అలాంటివాళ్ల వీలునామాలు ఆయన సొంతంగా కూర్చుని రాసేవారు. అందుకే ఈరోజు ఇంకే విషయమూ ఎంచుకోకుండా, మామూలు కుటుంబం వీలునామా ఎలా రాసుకోవాలి, నామినీ పేరు రాసినంత మాత్రాన ఆస్తి ఎందుకు తేలిపోదు అన్న దాని గురించే మాట్లాడతాను.

మన ఇళ్లలో ఎక్కువమంది ఒక నమ్మకంతో ఉంటారు. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంది, ఎల్ఐసీకి నామినీ ఉంది, మ్యూచువల్ ఫండుకు నామినీ ఉంది, కాబట్టి అన్నీ సర్దేశాం, వీలునామా అక్కర్లేదు అనుకుంటారు. ఈ నమ్మకం తప్పు. ఎందుకు తప్పో ఒక కుటుంబాన్ని ముందు పెట్టుకుని లెక్క చూద్దాం. ఈ కుటుంబం నేను ఊహించి చెబుతున్నదే గానీ, ఇందులో మన ఊళ్లలో జరగని విషయం ఒక్కటీ లేదు.

రాజమహేంద్రవరంలో ఒక ప్రభుత్వ సంస్థలో పనిచేసి రిటైరైన ఆయన ఉన్నారు. జీతం డబ్బుతో 150 గజాల స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. భార్య ఉంది. కొడుకు హైదరాబాదులో, కూతురు విజయవాడలో ఉన్నారు. ఎనభై ఏళ్ల తల్లి కూడా ఆయన దగ్గరే ఉంటుంది. ఆయనకు ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉన్నారు. తండ్రి ఎప్పుడో పోయారు. బ్యాంకులో 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఆ రోజు బ్యాంకుకు తోడు వచ్చినవాడు కొడుకు కాబట్టి నామినీగా కొడుకు పేరు రాశారు. 5 లక్షల బీమా పాలసీ ఉంది. అది పెళ్లికి ముందు తీసుకున్నది, అందులో నామినీ తల్లి. 3 లక్షల మ్యూచువల్ ఫండులో నామినీ భార్య. వీలునామా లేదు. ఒకరోజు ఆయన పోయారు.

కొడుకు మరణ ధ్రువీకరణ పత్రం, తన గుర్తింపు కాగితాలు తీసుకుని బ్యాంకుకు వెళ్తాడు. బ్యాంకు 12 లక్షలూ అతని ఖాతాలో వేస్తుంది. బ్యాంకు చేసింది సరైన పనే. బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 45జెడ్ఏ సెక్షన్ అలాగే చెబుతుంది. నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. మిగతా వారసులు వచ్చి మాకెందుకివ్వలేదని బ్యాంకును నిలదీసే వీలుండదు. నామినేషన్ అనే ఏర్పాటు పుట్టిందే ఇందుకోసం. చనిపోయిన మనిషి డబ్బు ఎవరికివ్వాలో తేలక బ్యాంకు పట్టుకు కూర్చోకుండా, కుటుంబంలో ఒక్క మనిషి చేతికి త్వరగా అందాలని ఈ ఏర్పాటు చేశారు.

కానీ డబ్బు చేతికి రావడం వేరు, ఆ డబ్బు తనదవడం వేరు. ఆ 12 లక్షలు ఎవరివి అన్న ప్రశ్నకు బ్యాంకు ఫారంలో జవాబు ఉండదు. ఆ జవాబు వీలునామా ఉంటే అందులో ఉంటుంది, లేకపోతే వారసత్వ చట్టంలో ఉంటుంది. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన మగవాడి స్వార్జితం మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. మన కథలో మొదటి తరగతి వారసులు నలుగురు. భార్య, తల్లి, కొడుకు, కూతురు. నలుగురికీ సమాన వాటా. అంటే 12 లక్షల్లో కొడుకుది 3 లక్షలు. మిగతా 9 లక్షలు తల్లికీ, భార్యకూ, కూతురికీ మూడేసి లక్షల చొప్పున అతను లెక్క చెప్పి ఇవ్వాల్సిన డబ్బు. నాన్న నా పేరే రాశాడు కదా, అంతా నాదే అంటే కుదరదు. కానీ అతను అలా అని ఊరుకుంటే, అమ్మో చెల్లెలో కోర్టు మెట్లెక్కితే తప్ప ఆ డబ్బు రాదు. చాలా ఇళ్లలో ఎవరూ ఎక్కరు. అక్కడే నష్టం జరిగిపోతుంది.

ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చెప్పింది. మొదటి ముఖ్యమైన తీర్పు సర్బతీ దేవి కేసులో 1983 డిసెంబరులో వచ్చింది. వీలునామా రాయకుండా పోయిన ఒకాయనకు పది వేల రూపాయల చొప్పున రెండు బీమా పాలసీలున్నాయి. రెండింటికీ నామినీ భార్య. మొత్తం తనదేనని ఆమె అంది. చనిపోయినాయన తల్లి, కొడుకు తమకూ వాటా ఉందన్నారు. నామినీకి ఉన్నది డబ్బు తీసుకునే అధికారమేనని, డబ్బు మాత్రం వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురిదని కోర్టు తేల్చింది. 2000లో జాతీయ పొదుపు పత్రాల విషయంలో అదే మాట చెప్పింది. 2010లో బ్యాంకు ఖాతాల విషయంలో అదే చెప్పింది.

2009 నాటి తీర్పు ఒకటి మన కథకు దగ్గరగా ఉంటుంది. ఒక బ్యాంకు ఉద్యోగి పెళ్లి కాకముందు ప్రావిడెంట్ ఫండుకు తల్లిని నామినీగా రాశాడు. తర్వాత పెళ్లయింది, నామినేషన్ మార్చలేదు. పిల్లలు లేకుండానే పోయాడు. తల్లి, భార్య చెరి సగానికి హక్కుదారులని సుప్రీంకోర్టు చెప్పింది. నామినీ తల్లే అయినా భార్య సగం పోలేదు. అయితే ఆ సగం కోసం ఆమె 1990ల నుంచి 2009 దాకా కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో చాలాకాలం సందేహం ఉండేది. కంపెనీల చట్టంలో మాటలు కొంచెం గట్టిగా ఉన్నాయి కాబట్టి అక్కడ నామినీయే యజమాని అవుతాడని 2010లో బొంబాయి హైకోర్టు ఒక తీర్పులో చెప్పింది. 2023 డిసెంబరు 14న శక్తి యజ్దానీ కేసులో సుప్రీంకోర్టు ఆ సందేహం తీర్చేసింది. ఆస్తి వారసులకు వెళ్లడానికి మన చట్టంలో ఉన్న దారులు రెండే. ఒకటి వీలునామా, రెండోది వారసత్వ చట్టం. నామినేషన్ అనేది మూడో దారి కాదు. వీలునామాకు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం కావాలి. నామినేషన్ ఫారం నింపేటప్పుడు ఆ జాగ్రత్తలేవీ ఉండవు. అలాంటి కాగితం మనిషి ఆస్తినంతా ఒకరికి రాసిచ్చేదిగా మారకూడదు.

ఒక్క బీమా దగ్గర మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. 2015లో బీమా చట్టం 39వ సెక్షన్‌ను సవరించారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలను నామినీగా రాస్తే ఆ సొమ్ము వారి సొంత ప్రయోజనానికే అందుతుందన్న అర్థం వచ్చే మాటలు చేర్చారు. దీంతో బీమాలో ఈ దగ్గరి బంధువులైన నామినీలే యజమానులని కొందరు వాదిస్తారు. వారసత్వ చట్టాన్ని ఈ సవరణ తోసిరాజనలేదని ఇంకొందరు వాదిస్తారు. హైకోర్టుల మధ్య దీనిపై ఏకాభిప్రాయం లేదు. మన కథలోని 5 లక్షల పాలసీ సరిగ్గా ఈ వివాదంలో పడుతుంది. తల్లి పేరు ఉంది కాబట్టి మొత్తం నాదేనని ఆమె తరఫువాళ్లు అనవచ్చు, నాలుగు వాటాలని కోడలి తరఫువాళ్లు అనవచ్చు. ఆయన బతికున్నప్పుడు ఒక ఫారం నింపి నామినీని మార్చుకుని ఉంటే ఈ గొడవే లేదు.

బ్యాంకు ఖాతాలకు 2025 నవంబరు 1 నుంచి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. డిపాజిట్లలో ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. ఇది మంచి సౌకర్యం. కానీ శాతాలు రాసినంత మాత్రాన నామినేషన్ వీలునామా అయిపోదు. బ్యాంకు ఎవరి చేతికి ఎంత ఇవ్వాలో ఆ శాతాలు చెబుతాయి. అది చివరికి ఎవరిదన్నది మళ్లీ వీలునామా లేదా వారసత్వ చట్టమే చెబుతుంది. భార్యాభర్తల జాయింటు ఖాతా సంగతీ అంతే. ఇద్దరిలో ఎవరైనా లేదా మిగిలినవారు తీసుకోవచ్చు అన్న షరతు ఉంటే, మిగిలిన మనిషి డబ్బు తీయవచ్చు. పోయినవారి సంపాదన వారి వారసులదే.

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. ఇంటికి నామినీ ఉండడు. మన కథలో ఇల్లు భార్య, తల్లి, కొడుకు, కూతురు, నలుగురికీ పావు వంతు చొప్పున వెళ్లింది. రెండేళ్ల తర్వాత ఆ తల్లి కూడా వీలునామా రాయకుండా పోయింది. అప్పుడు ఆమె పావు వంతు ఎవరికి వెళ్తుంది? ఆడవాళ్ల ఆస్తికి వారసత్వ చట్టంలో వేరే సెక్షన్ ఉంది, 15వది. ఆమె పావు వంతు ఆమె ముగ్గురు పిల్లల శాఖలకు పోతుంది. అంటే రిటైరైన ఆయన తమ్ముడికి ఒక భాగం, చెల్లెలికి ఒక భాగం, పోయిన ఆయన భాగం ఆయన పిల్లలిద్దరికి. కోడలికి అందులో ఏమీ రాదు.

లెక్క కడదాం. ఇంటిని 24 భాగాలనుకుంటే, ఆయన భార్యకు 6. కొడుక్కి తండ్రి నుంచి 6, నాయనమ్మ నుంచి 1, మొత్తం 7. కూతురికీ అంతే, 7. మరిదికి 2. ఆడబిడ్డకు 2. మొగుడితో కలిసి కూడబెట్టి కట్టుకున్న ఇంట్లో ఆవిడ వాటా తన పిల్లల వాటాల కంటే తక్కువ. ఇల్లు అమ్మాలన్నా, బ్యాంకులో పెట్టి అప్పు తీసుకోవాలన్నా ఐదుగురి సంతకాలు కావాలి. వాళ్లలో ఇద్దరు ఇటుక పేర్చడానికి ఒక్క రూపాయి పెట్టినవాళ్లు కారు. వాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. మరిది మంచివాడైనా, రేపు ఆయన పోతే ఆయన వాటా ఆయన పిల్లలకు పోతుంది. వాళ్లకు ఈ ఇంటితో ఏ అనుబంధమూ ఉండదు. ఇదంతా కుట్ర వల్ల జరిగింది కాదు. చట్టం తన పని తాను చేసింది. ఆయన ఒక కాగితం రాయకపోవడమే దీనికి కారణం.

ఆ కాగితం ఎలా ఉండాలో ఇప్పుడు చూద్దాం. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. మామూలు తెల్ల కాగితం చాలు. చేత్తో రాయవచ్చు, టైపు చేయించవచ్చు. తెలుగులో రాస్తే చాలు. నిజానికి మనకు బాగా వచ్చిన భాషలో రాస్తేనే మేలు. రాసినాయనకు ఇంగ్లిషు రాదు, వీలునామా ఇంగ్లిషులో ఉంది అన్న ఒక్క మాట మీద ఏళ్ల తరబడి నడిచిన కేసులున్నాయి. మన కథలోని ఆయన రాసి ఉండాల్సిన వీలునామా, ముఖ్యమైన మాటల వరకు, ఇలా ఉంటుంది.

“నేను నిండు తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్తిగా రాసుకున్న చివరి వీలునామా ఇది. దీనికి ముందు రాసినవి ఉంటే రద్దు చేస్తున్నాను. నా కుటుంబంలో నా తల్లి, నా భార్య, నా కొడుకు, నా కూతురు ఉన్నారు. కింద చెప్పిన ఆస్తులన్నీ నా స్వార్జితాలు.

“నా ఇల్లు, స్థలంతో సహా, నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. నా కంటే ముందు ఆమె కాలం చేస్తే, నా కొడుకుకూ కూతురికీ చెరి సగం చెందాలి.

“నా ఫిక్స్‌డ్ డిపాజిట్లలోని మొత్తంలో 2 లక్షలు నా తల్లికి, మిగతాది నా కొడుకుకూ కూతురికీ సమానంగా చెందాలి. నామినీగా ఎవరి పేరున్నా వారు ఈ వీలునామా ప్రకారం పంచి ఇవ్వాలి.

“నా బీమా, మ్యూచువల్ ఫండ్ల సొమ్ము నా భార్యకు చెందాలి. ఇందులో చెప్పనివి, ఇక ముందు నాకు సంక్రమించేవి, ఏ ఆస్తులైనా నా భార్యకే చెందాలి.

“ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా కూతురికి అప్పగిస్తున్నాను.”

ఇంతే. ఒకటిన్నర పేజీ. కింద ఇంటి షెడ్యూలు ఉండాలి. ఊరు, డోర్ నంబరు, సర్వే నంబరు, ఎన్ని గజాలు, నాలుగు దిక్కుల హద్దులు, కొన్న దస్తావేజు నంబరు, సంవత్సరం. వీటిని పాత రిజిస్టర్డు దస్తావేజులో ఎలా ఉన్నాయో అలాగే ఎక్కించాలి.

ఇందులో కొన్ని మాటలు ఎందుకు పెట్టానో చెబుతాను. తల్లికి 2 లక్షలు రాయడం మర్యాద కోసమే కాదు. పోయినవారి మీద ఆధారపడిన తల్లికి ఆస్తిలోంచి పోషణ అడిగే హక్కు చట్టంలో ఉంది. ఆమెను వీలునామాలో పూర్తిగా మరచిపోతే ఆ హక్కు అడ్డం వస్తుంది, కోర్టులో అనుమానం కూడా లేస్తుంది. భార్య ముందే పోతే అన్న మాట చాలామంది రాయరు. అది లేకపోతే, ఆమె ముందే పోయినప్పుడు ఇల్లు ఎవరిదన్న ప్రశ్న తిరిగి మొదటికి వస్తుంది. ఇక చెప్పని ఆస్తుల మాట. వీలునామా రాసిన పదేళ్లకు కొత్త డిపాజిట్లు, కొత్త స్థలం రావచ్చు. ఆ ఒక్క వాక్యం వాటన్నిటినీ కవర్ చేస్తుంది.

“సర్వహక్కులతో” అన్న మాట మీద ఇంకాస్త చెప్పాలి. మన దస్తావేజు లేఖరులు అలవాటుగా వేరే రకంగా రాస్తారు. భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం కొడుక్కి చెందాలని రాస్తారు. వినడానికి సర్దుబాటుగానే ఉంటుంది. కానీ అలాంటి షరతులోంచి పుట్టిన వ్యాజ్యాలు లెక్కలేనన్ని. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, పోషణ హక్కుకు బదులుగా స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు పూర్తి హక్కుగా మారుతుందని తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసే. ఏ షరతు పూర్తి హక్కుగా మారుతుంది, ఏది మారదు అన్నదానిపై తీర్పులు రెండు వైపులా వచ్చాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే ఈ విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ఇంత తకరారు ఉన్న షరతు మామూలు కుటుంబానికి ఎందుకు? భార్యకు ఇవ్వాలనుకుంటే పూర్తిగా ఇచ్చేయండి. ఆమె తర్వాత ఏం చేయాలో ఆమె వీలునామా రాసుకుంటుంది. కొడుకుకు ఇవ్వాలనుకుంటే కొడుకుకు ఇచ్చి, భార్యకు వేరే ఆస్తి రాయండి.

ఇక సంతకాల సంగతి. వీలునామాలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. భారత వారసత్వ చట్టం 1925లోని 63వ సెక్షన్ అడిగేది చాలా తక్కువ. రాసిన మనిషి సంతకం చేయాలి లేదా వేలిముద్ర వేయాలి. ఇద్దరు సాక్షులు దాన్ని కళ్లారా చూడాలి, లేదా అది నా సంతకమేనని ఆయన నోట వినాలి. తర్వాత ఆ ఇద్దరూ ఆయన ఎదుట సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో ఉండాలని చట్టం అడగదు. అయినా ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టండి. వీలునామాలో ఏముందో సాక్షులకు తెలియాల్సిన పని లేదు.

మన సీనియర్ గారు వీలునామా రాయించడానికి వచ్చినవాళ్లను ఎలా కూర్చోబెట్టేవారో నేను దగ్గర నుంచి చూశాను. ఆస్తి ఎవరికి రాస్తున్నారో ఆ కొడుకునో కూతురినో ముందు బయట వరండాలో కూర్చోమనేవారు. తర్వాత వీలునామాను ఆ పెద్దమనిషి చేతనే పైకి చదివించేవారు. చదువు రానివాళ్లైతే తాను చదివి, ఒక్కో అంశం దగ్గర ఆపి, అర్థమైందా అని అడిగేవారు. ప్రతి పేజీ కింద సంతకం పెట్టించేవారు. కొట్టివేతలు ఉంటే ఆ పక్కన మళ్లీ సంతకం. చివరి పేజీలో రాసిన మనిషి సంతకం అయ్యాక, సాక్షులిద్దరూ తమ పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా తమ చేత్తోనే రాయాలి. తేదీ కూడా ఆ మనిషి చేత్తోనే వేయించేవారు. సాక్షులు రాసిన మనిషి కంటే పదేళ్లైనా చిన్నవాళ్లై ఉండాలని పట్టుబట్టేవారు.

ఎందుకో ఊహించండి. రాసినాయన పోయాక వీలునామా మీద తకరారు వస్తే, సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి, నా ఎదుటే సంతకం చేశాడని చెప్పాలి. పాత సాక్ష్య చట్టంలోనూ, 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. డెబ్బై ఐదేళ్ల మనిషి వీలునామాకు ఎనభై ఏళ్ల స్నేహితుడు సాక్షి అయితే, అవసరమైన రోజుకు ఆయన ఉండకపోవచ్చు. సాక్షిగా ఆస్తి పొందేవారిని పెట్టకండి, వాళ్ల భార్యనో భర్తనో పెట్టకండి. క్రైస్తవ కుటుంబాల్లో అయితే ఆ సాక్షికి రాసిన భాగమే చెల్లకుండా పోతుంది. హిందువుల్లో అలా పోకపోయినా అనుమానం మాత్రం తప్పదు. నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన ఇద్దరు సాక్షుల అవసరం తీరదు.

అనుమానం అన్న మాట కోర్టుల్లో తరచుగా వినిపిస్తుంది. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది. వీలునామాను చూపించి ఆస్తి అడిగేవారే, దాని చుట్టూ ఉన్న అనుమానాలను తొలగించాలి. ఆస్తి పొందేవాడే దగ్గరుండి రాయించడం, ఆసుపత్రి మంచం మీద సంతకం, కారణం చెప్పకుండా ఒక బిడ్డను పూర్తిగా వదిలేయడం, సంతకం వణుకుతూ ఉండడం, ఇవన్నీ అనుమానాలే. ఒక బిడ్డకు తక్కువ ఇస్తున్నారా? ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. కూతురి పెళ్లికి ఎనిమిది లక్షలు ఇచ్చాను, అందుకే ఇల్లు కొడుకుకు ఇస్తున్నాను అని రాస్తే, మీ నిర్ణయం మీ మనసులోంచి వచ్చిందని అర్థమవుతుంది. కానీ ఇది స్వార్జితానికే. పిత్రార్జితంలో కూతురి వాటా ఆమెది, దాన్ని మీరు రాసివ్వలేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే ఆ హక్కుకు చట్టం చేశారు. 2005లో దేశమంతా వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో మీరు వీలునామా రాయగలిగేది మీ వాటాకే. భార్య పుట్టింటి బంగారం ఆవిడదే, అది మీ వీలునామాలో ఉండకూడదు.

ముస్లిం కుటుంబాలకు వేరే నియమం. మిగతా వారసుల సమ్మతి లేకుండా ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు. ఆ కుటుంబాలవారు తమ చట్టం తెలిసినవారిని అడిగి రాసుకోవాలి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్టరు చేయించినంత మాత్రాన వీలునామా తిరుగులేనిది కాదు. సాక్షి వచ్చి చెప్పాల్సిందే. అయినా చేయించమని నా సలహా. సబ్ రిజిస్ట్రార్ ఎదుట ఆ మనిషి స్వయంగా వచ్చి సంతకం పెట్టాడన్న ప్రభుత్వ రికార్డు ఉంటుంది, అసలు కాగితం పోయినా కాపీ దొరుకుతుంది. గోప్యంగా ఉండాలనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరచవచ్చు. వీలునామా రాసిన తర్వాత కూడా ఆస్తి మీదే. అమ్ముకోవచ్చు, మనసు మారితే ఎప్పుడైనా కొత్త వీలునామా రాయవచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది. పాతది రిజిస్టరు అయి, కొత్తది కాకపోయినా, సరిగ్గా రాసి ఉంటే కొత్తదే చెల్లుతుంది. అందుకే తేదీ ముఖ్యం.

చివరగా, నామినేషన్లు వద్దని నేను చెప్పడం లేదు. నామినేషన్ లేకపోతే బ్యాంకులో డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోతుంది. పెద్ద మొత్తమైతే వారసత్వ ధ్రువీకరణ పత్రం కోసం కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. నేను చెప్పేది రెండూ ఒకేలా ఉండాలని. వీలునామాలో ఏ ఖాతా ఎవరికి రాశారో ఆ ఖాతాకు నామినీగా కూడా వారినే పెట్టండి. అప్పుడు డబ్బు వచ్చే చెయ్యి, హక్కున్న చెయ్యి ఒకటే అవుతుంది. వివాదానికి చోటే ఉండదు. బీమా విషయంలో అభిప్రాయాలు రెండుగా ఉన్నాయి కాబట్టి అక్కడ ఇది మరీ అవసరం. పెళ్లికి ముందు, పిల్లలు పుట్టకముందు రాసిన నామినేషన్లన్నీ ఒకసారి తిరగేయండి.

ఇక్కడ కూర్చున్న మనలో చాలామంది జీవితమంతా కష్టపడి ఒక ఇల్లు, నాలుగు డిపాజిట్లు మిగుల్చుకున్నవాళ్లం. మన తర్వాత అవి ఎవరివన్నది బ్యాంకు ఫారంలో పడిన పేరు తేల్చదు. తేల్చేది మనం రాసే వీలునామా. మనం రాయకపోతే 1956 నాటి చట్టం. ఆ చట్టానికి మన ఇంట్లో ఎవరికి ఏం అవసరమో తెలియదు. మనకు తెలుసు. ఈ సభ నుంచి ఇంటికి వెళ్లాక, మీ వయసు ఎంతైనా సరే, ఈ నెలలోనే ఇద్దరు సాక్షులను పిలిచి వీలునామా రాయండి. భార్యాభర్తలు ఇద్దరూ విడివిడిగా రాయండి. రాసింది ఎక్కడ పెట్టారో ఒక్కరికైనా చెప్పండి. మన సీనియర్ గారి స్మృతికి మనం చేయగలిగిన గౌరవం ఇదేనని నా విన్నపం.